జీఎస్టీ నోటీసు: సారాంశంలో లెక్క తప్పితే

సమస్య: విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ అమ్మే ఒక ఫర్మ్‌కి నోటీసు వచ్చింది. మా ఆఫీసు కుర్రాడు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు: "2,04,000 కట్టాలటండి, నెల టైముంది." ఓనరుగారికి టెన్షన్ మొదలైంది. తీరా చూస్తే రెండు మాటలూ తప్పే.

కారణం: అతను నోటీసు సారాంశంగా వచ్చే DRC-01 ఫారం ఒక్కటే చదివాడు. అందులో ఉండేది అంకెల పట్టిక. అసలు కథ దానికి జతచేసిన పీడీఎఫ్‌లో ఉంటుంది. 2,04,000లో పన్ను 1,84,000 మాత్రమే, మిగిలిన 20,000 పెనాల్టీ. పన్నులో 10 శాతమంటే 18,400 కదా అనకండి. కేంద్రం వాటాకి, రాష్ట్రం వాటాకి విడివిడిగా కనీసం 10,000 చొప్పున వేస్తారు. వడ్డీ గడిలో "వర్తించిన మేరకు" అని ఉంది, అంటే అంకె ఇంకా తేలలేదు.

టైము సంగతి. నోటీసు తేదీ 4, ఇతను చూసింది 19న. అది జీఎస్టీ పోర్టల్‌లో View Additional Notices and Orders కింద పడి ఉంది, ఇతనేమో రోజూ పక్క మెనూ తెరిచి చూస్తున్నాడు. 30 రోజులు లెక్కపెట్టేది నోటీసు జారీ అయిన తేదీ నుంచి. సగం గడువు అప్పటికే అయిపోయింది.

పరిష్కారం: సారాంశం మళ్లీ ఇలా రాయించాను.

కాలం: 2022-23, సెక్షన్ 73.
డిమాండ్: పన్ను 1,84,000, పెనాల్టీ 20,000, వడ్డీ అదనం.
ఆరోపణ: మనం వేసే రిటర్న్ GSTR-3Bలో తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, సప్లయర్ల రిటర్న్‌లను బట్టి వచ్చే GSTR-2Bలో కనిపించిన దానికంటే ఎక్కువ.
జవాబు: DRC-06 ఫారంలో, నోటీసులో ఇచ్చిన తేదీలోపు.

సెక్షన్ నంబరు వదిలేయొద్దు. 74 అని ఉంటే మోసం ఆరోపణ, పెనాల్టీ లెక్కే వేరు. 2024-25 నుంచి అయితే 74A.

తర్వాత ఆరోపణని నెలవారీ 3Bలతో పోల్చాం. ఆఫీసరు 3Bలో తీసుకున్న క్రెడిట్ చూపే 4(A) మొత్తాన్ని తీసుకున్నారు గానీ, 4(B)లో మేమే వెనక్కి ఇచ్చేసిన 1,40,000 తీసేయలేదు. ఈ పొరపాటు ఎన్ని నోటీసుల్లో చూశానో! మిగతా 44,000 మాత్రం నిజమే, సప్లయర్ రిటర్న్ వేయలేదు. ఆ క్రెడిట్ వాడేసుకున్నాం కాబట్టి వడ్డీ కూడా తప్పదు. వాడకుండా లెడ్జర్‌లోనే ఉండి ఉంటే వడ్డీ పడేది కాదు.

44,000 వడ్డీతో సహా DRC-03 అనే చెల్లింపు ఫారంలో కట్టించాం. సెక్షన్ 73 కింద 30 రోజుల్లోపు కడితే పెనాల్టీ ఉండదు. మిగతా 1,40,000కి నెలవారీ పట్టిక, ఆ 3Bల కాపీలు జవాబుకి జతచేశాం. DRC-06లో పర్సనల్ హియరింగ్ కావాలా అని అడిగిన చోట Yes పెట్టించాను. కుర్రాడు No పెట్టబోయాడు, ఆఫీసు చుట్టూ తిరగడం ఎందుకని.