మరకల పాఠాలు – 3: సోఫా కవరు మీద పాల టీ

పోయిన పాఠంలో రంగు పరీక్ష చేశాం. కవరు లోపలి కుట్టు మీద తడిపిన తెల్లగుడ్డను ఐదు నిమిషాలు అదిమిపెట్టి, గుడ్డకు రంగు అంటిందో లేదో చూశాం. రంగు దిగని కాటన్ కవర్లకే ఈ పాఠం. ముఖ్యంగా పాల టీ గురించి చెబుతాను. రెడ్ వైన్ దారి కాస్త వేరు కాబట్టి దాన్ని చివర్లో చూద్దాం.

ముందు వంటింట్లో ఒక చిన్న పని చేయండి. పాలు కలపని టీ డికాషన్‌ను రెండు గాజు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నాలుగు చుక్కలు నిమ్మరసం, రెండోదాంట్లో చిటికెడు వంటసోడా వేయండి. నిమ్మరసం పడిన టీ చూస్తుండగానే లేతబడుతుంది. సోడా పడినది ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. గుడ్డ మీద కూడా జరిగేది ఇదే. బట్టల సబ్బుబిళ్లలో క్షారం ఉంటుంది. టీ ఒలికిన వెంటనే సబ్బుబిళ్లతో రుద్దితే మరకను మన చేతులతో మనమే ముదర పెట్టినట్టు. మన ఇళ్లల్లో మొదట చేసే పని మాత్రం అదే.

అసలు టీ నూలుకు అంతగా ఎందుకు పట్టుకుంటుంది? టీలో నాలుకకు తగిలే వగరు టానిన్ జాతి పదార్థాల వల్ల వస్తుంది. వాటికి నూలు దారమంటే మహా ప్రీతి. కలంకారీ చేసేవాళ్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. రంగు వేయడానికి ముందు వాళ్లు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. కరక్కాయలో ఉన్నదీ టానినే. పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. ఇప్పుడు మన కప్పులోకి చూడండి: టానినూ పాలూ కలిసే ఉన్నాయి. అంటే టీ ఒలికిన చోట సోఫా కవరు రంగు పట్టడానికి తయారై కూర్చున్నట్టే.

అందుకే పాల టీకి ఒక వరస ఉంది: ముందు చల్లటి నీళ్లతో పాలు, ఆ తర్వాత కొంచెం పులుపుతో టీ, చివరికి మిగిలిన పసుపు ఛాయ. వేడినీళ్లు ముందే పోస్తే పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి దారాల మధ్య ఇరుక్కుంటాయి, టీ రంగునూ తమతో పట్టి ఉంచుతాయి. వైన్ పడిన తెల్ల గుడ్డను బిగించి పట్టుకుని పైనుంచి మరిగే నీళ్లు పోసే పాత చిట్కా ఒకటుంది. పాలు లేని డికాషన్‌కు అది కొంత పనిచేస్తుంది. పాల టీ మీద మాత్రం ప్రయత్నించకండి.

ఈ మధ్య సీతమ్మధారలో మా పక్కింటి వదిన వాళ్ల సోఫా మీద ఇదే జరిగింది. బిస్కెట్ రంగు కవరు మీద అరకప్పు అల్లం టీ ఒలికింది. ఆవిడ చేతిలో అప్పటికే సబ్బు ఉంది. “సబ్బు పక్కన పెట్టండి వదినా, ముందు జిప్ తీయండి” అన్నాను.

కవరు విప్పేలోపు మరక కింద మడత పెట్టిన టవల్ దూర్చాం. టీ ఫోమ్‌లోకి దిగితే, పైన ఎంత శుభ్రం చేసినా ఆరేటప్పుడు మళ్లీ పైకి పాకి వస్తుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, ఫోమ్ ఆరడానికి చాలా సేపు పడుతుంది. అంతసేపూ మరక పైకి ఎక్కుతూనే ఉంటుంది. తర్వాత పాత తెల్ల పంచె ముక్కతో అంచు నుంచి నడిమికి అద్దాం. రుద్దలేదు. ఒక చోట తడిసిన గుడ్డను తిప్పి, పొడి భాగంతో మళ్లీ అద్దాలి. గుడ్డకు టీ అంటడం ఆగిపోయాకే నీళ్ల దగ్గరికి వెళ్లాలి.

విప్పిన కవరును తిరగేసి, మరక కిందికి ఉండేలా కుళాయి కింద పట్టుకున్నాం. వెనుక నుంచి పడే నీళ్లు టీని వచ్చిన దారినే బయటికి తోస్తాయి. మొదట గోధుమ రంగు నీళ్లు కారాయి, తర్వాత ఎండుగడ్డి రంగు, ఆ తర్వాత తేట నీళ్లు. తేటపడ్డాక కవరు మీద టీ రంగు చాలావరకు పోయింది, చుట్టూ సన్నని గోధుమ గీత మాత్రం మిగిలింది. తడి ఆరేటప్పుడు రంగును అంచుకు మోసుకుపోయి అక్కడ వదిలేస్తుంది కాబట్టి ఈ గీత పడుతుంది. అందుకని గీత ఒక్కటే కాకుండా దాని చుట్టూ రెండు వేళ్ల మేర తడపాలి.

ఒక గ్లాసు చల్లటి నీళ్లలో అర చెంచా గిన్నెలు తోమే లిక్విడ్, ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి మరక మీద పోసి, పది నిమిషాలు ఆగాం. వేలితో మెల్లగా తట్టి మళ్లీ వెనుక నుంచి కడిగాం. తడి గుడ్డ మీద లేత మరక కనబడదు, అందుకే టవల్‌లో పిండి కిటికీ వెలుగులో చూశాం. పసుపు ఛాయ ఇంకా ఉంది.

దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాం. మెడికల్ షాపుల్లో దొరికేది ఎక్కువగా 6 శాతం ద్రావణం. సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. దీనికి కూడా లోపలి కుట్టు మీద రంగు పరీక్ష మళ్లీ చేయాలి, తడి పరీక్ష నెగ్గిన గుడ్డ దీనికి ఓడిపోవచ్చు. పది పదిహేను నిమిషాల్లో ఛాయ పోయింది. బాగా కడిగి నీడలో ఫ్యాను కింద ఆరేశాం. మరక పూర్తిగా పోయిందని తేలేదాకా ఇస్త్రీ పెట్టె జోలికి వెళ్లకూడదు. వెనిగర్ వాడిన రోజు క్లోరిన్ బ్లీచ్ సీసా మూత తీయకండి, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

ఇంత చేసినా కొన్ని ఇళ్లల్లో మరక తగ్గకపోగా బూడిద రంగుకు తిరుగుతుంది. అప్పుడు మీ బకెట్ లోపలివైపు చూడండి. తుప్పు రంగు చార ఉంటే మీ బోరు నీళ్లలో ఇనుము ఉన్నట్టు. ఇనుమూ టానినూ కలిస్తే నలుపు పుడుతుంది. కలంకారీలో నల్ల గీతలకు మూలం ఇదే. అలాంటి ఇంట్లో మరకను తాగే నీళ్లతో కడగాలి. అప్పటికే బూడిద రంగు వచ్చిందంటే, నిమ్మరసం అద్ది పది నిమిషాలకు కడిగితే చాలావరకు వదులుతుంది. మీ కవరే అసలు కలంకారీ అయితే మాత్రం నిమ్మా వెనిగర్ పెరాక్సైడ్ ఏవీ వద్దు, మరకతో పాటు బొమ్మా పోతుంది. అద్ది, చల్లటి నీళ్లతో కడిగి ఊరుకోవడమే.

ఇక రెడ్ వైన్. ఇందులో పాలు లేవు కాబట్టి వరస గొడవ లేదు. పైన ఉప్పు పోస్తే కొంత తడి పీలుస్తుంది, అద్దడం కన్నా గొప్పగా ఏమీ చేయదు. ద్రాక్ష తొక్క రంగు పులుపులో ఎర్రగా, క్షారంలో నీలం బూడిదగా మారుతుంది. డిటర్జెంట్ తగలగానే మరక నీలంగా తిరిగితే టెన్షన్ పడకండి, కడిగి వెనిగర్ నీళ్లు వేయండి, మళ్లీ ఎరుపుకు వస్తుంది. ఆ తర్వాత పైన చెప్పిన పెరాక్సైడే. వైన్ రంగు టీ కన్నా త్వరగా దానికి లొంగుతుంది.

ఈలోగా ఒక పాత తెల్ల దిండు గలీబు తీసి, రెండు చోట్ల పాల టీ పోయండి. ఒకటి వెంటనే కడగండి, రెండోది ఒక రాత్రి ఆరనిచ్చి కడగండి. వచ్చే పాఠం పప్పుచారు మరక మీద. ఈ కవరును నీడలో ఆరేశాం కదా, పసుపుకు మాత్రం ఎండే మందు.