వక్రం కింది వైశాల్యాన్ని దీర్ఘచతురస్రాలతో ఎలా కనుక్కోవాలి?

y = x² వక్రానికీ x-అక్షానికీ మధ్య, 0 నుంచి 2 వరకు ఉన్న వైశాల్యం ఎంత? పై అంచు వంపు తిరిగి ఉంది కాబట్టి పొడవును వెడల్పుతో గుణిస్తే సరిపోదు. కానీ దీర్ఘచతురస్రం వైశాల్యం మనకు తెలుసు. ఆ ఒక్కదానితోనే పని జరుపుకుందాం.

ముందుగా 0 నుంచి 2 వరకు ఉన్న అంతరాన్ని నాలుగు సమభాగాలు చేయండి. ఒక్కో భాగం వెడల్పు 0.5. ప్రతి భాగానికీ కుడి చివర వక్రం ఎంత ఎత్తులో ఉందో చూసి, అంత ఎత్తు దీర్ఘచతురస్రం గీయండి. ఎత్తులు 0.25, 1, 2.25, 4. వీటి మొత్తం 7.5, దాన్ని వెడల్పుతో గుణిస్తే 3.75. వక్రం పైకి వెళ్తోంది కాబట్టి ప్రతి దీర్ఘచతురస్రమూ వక్రాన్ని దాటి పైకి పొడుచుకొస్తుంది. అంటే ఇది అసలు కంటే ఎక్కువ.

ఇప్పుడు ఎడమ చివరి ఎత్తులు తీసుకోండి: 0, 0.25, 1, 2.25. వైశాల్యం 1.75 వస్తుంది, ఇది అసలు కంటే తక్కువ. కాబట్టి జవాబు 1.75కూ 3.75కూ మధ్య ఎక్కడో ఉంది. తేడా 2, చాలా పెద్దదే.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో బొమ్మలో చూడండి, నాకు ఈ లెక్కలో బాగా నచ్చే చోటు ఇదే. ప్రతి భాగంలోనూ కుడి దీర్ఘచతురస్రానికీ ఎడమ దానికీ మధ్య ఒక చిన్న ముక్క మిగులుతుంది. ఆ ముక్కలన్నింటినీ పక్కకు జరిపి ఒకదానిపై ఒకటి పేరిస్తే 0.5 వెడల్పు, 4 ఎత్తు ఉన్న ఒకే స్తంభం అవుతుంది. భాగాలు n అయితే స్తంభం వెడల్పు 2/n, కాబట్టి తేడా 8/n. భాగాలు పెంచేకొద్దీ ఆ స్తంభం సన్నబడిపోతుంది, రెండు మొత్తాల మధ్య ఇరుక్కున్న వైశాల్యానికి తప్పించుకునే చోటు ఉండదు.

ఇక n భాగాలకు కుడి మొత్తం రాద్దాం. k-వ భాగం కుడి చివర 2k/n, అక్కడ ఎత్తు (2k/n)², వెడల్పు 2/n. 1 నుంచి n వరకు సంఖ్యల వర్గాల మొత్తం n(n+1)(2n+1)/6 అనే సూత్రం వాడి అన్నీ కూడితే:

```
(8/n³)(1² + 2² + ... + n²)
= (8/n³) · n(n+1)(2n+1)/6
= (4/3)(1 + 1/n)(2 + 1/n)
```

వెడల్పు 2/nతో గుణించడం మరిచిపోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. n = 4 పెట్టి చూడండి, 3.75 రాకపోతే ఎక్కడో తప్పినట్టే. n = 100 అయితే 2.7068 వస్తుంది, ఎడమ మొత్తం దానికంటే 0.08 తక్కువ, అంటే 2.6268.

n అనంతంగా పెరిగితే 1/n సున్నాకు చేరువవుతుంది, కుడి మొత్తం అవధి (4/3)·1·2 = 8/3. తేడా 8/n కూడా సున్నాకు పోతుంది కాబట్టి ఎడమ మొత్తానికీ అదే అవధి. ఈ ఉమ్మడి అవధికే నిశ్చిత సమాకలని అని పేరు:

```
∫₀² x² dx = 8/3
```

సాగదీసిన S లాంటి ఆ గుర్తు గణితజ్ఞుడు లైబ్నిజ్ పెట్టింది, మొత్తం అనే అర్థమిచ్చే లాటిన్ మాట తొలి అక్షరం అది. పక్కనున్న x² ఎత్తు, dx వెడల్పును గుర్తుచేస్తుంది.

వక్రం x-అక్షం కిందికి దిగితే మాత్రం జాగ్రత్త. అక్కడ ఎత్తు రుణాత్మకం కాబట్టి ఆ దీర్ఘచతురస్రాలు మొత్తం నుంచి తీసివేతలవుతాయి. ఉదాహరణకు y = x కు -1 నుంచి 1 వరకు సమాకలని 0, కానీ వక్రానికీ అక్షానికీ మధ్య ఉన్న వైశాల్యం 1. వైశాల్యమే కావాలంటే అక్షాన్ని దాటే చోట విడగొట్టి, కింది భాగం గుర్తు మార్చి కూడాలి.