క్యాంపస్ డ్రైవ్: మంచి పిల్లలు ఎక్కడ జారిపోతున్నారు? సమస్య - పరిష్కారం

కాలేజీలకు వెళ్లి కంపెనీ తరఫున ఫ్రెషర్లను ఎంపిక చేసే పని నాది. డ్రైవ్ పాడైందని చాలాసార్లు ఆ రోజు తెలియదు. చేరినవాళ్లు ఆరు నెలల్లో తేలిపోయాకో, మనం వద్దన్న కుర్రాడు వేరేచోట బ్రహ్మాండంగా పనిచేస్తున్నాడని విన్నాకో తెలుస్తుంది. కానీ ఆ రోజే కనిపించే గుర్తులు కొన్ని ఉంటాయి. వాటిని పట్టుకోగలిగితే అప్పటికప్పుడే సరిదిద్దొచ్చు.

లెక్కలు తేలిగ్గా ఉండటానికి ఒక నమూనా తీసుకుందాం. ఒక ఇంజినీరింగ్ కాలేజీ, 640 మంది అభ్యర్థులు, 20 ఉద్యోగాలు, ఒకటే రోజు. పొద్దున ఆప్టిట్యూడ్ టెస్టు, అందులోంచి 160 మంది గ్రూప్ డిస్కషన్‌కు, అంటే జీడీకి, వాళ్లలోంచి 64 మంది ఇంటర్వ్యూకు.

లక్షణం: "అప్లై చేశాను సార్, లిస్టులో నా పేరు లేదు"

పొద్దున్నే సెమినార్ హాలు ముందు పాతిక మంది ఫైళ్లు పట్టుకుని నిలబడతారు. ఫారం సరిగా నింపి ఉండరులే అని వదిలేయకండి. ముందు వాళ్ల హాల్‌టికెట్ నంబర్లు చూడండి. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో మామూలుగా చేరినవాళ్ల నంబరు మధ్యలో `1A` ఉంటుంది. పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి, నేరుగా రెండో సంవత్సరంలో చేరినవాళ్లకు `5A` ఉంటుంది. ఆ పాతికలో ఎక్కువమంది `5A` వాళ్లయితే తప్పు పిల్లలది కాదు, మన వడపోతది.

ఇది రెండు రకాలుగా జరుగుతుంది. ఫారంలో "ఇంటర్ శాతం" అని ఒక గడి పెడతాం. డిప్లొమా వాళ్లు ఇంటర్ చదవలేదు కాబట్టి దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదంటే సున్నా వేస్తారు. షీట్లో "60, ఆపైన" అని ఫిల్టర్ పెట్టగానే అందరూ మాయం. రెండోది ఇంకా చిత్రం. 2024లో బయటికొచ్చే బ్యాచ్‌లో మామూలు విద్యార్థుల నంబరు 20తో మొదలైతే, లేటరల్ ఎంట్రీ వాళ్లది 21తో మొదలవుతుంది, ఏడాది ఆలస్యంగా చేరారు కాబట్టి. ఫైనలియర్ వాళ్లు చాలని ఎవరైనా 20తో వడకడితే వీళ్లు జూనియర్ల లెక్కలోకి పోతారు.

మొదటిదానికి విరుగుడు ఆ గడికి "ఇంటర్ లేదా డిప్లొమా" అని పేరు పెట్టడం. రెండోదానికి, నంబరును నమ్ముకోకుండా కోర్సు పూర్తయ్యే సంవత్సరాన్నే అడగడం. ఇవి చేశాక కూడా వడకట్టకముందు `5A`లు ఎన్ని, తర్వాత ఎన్ని అని ఒకసారి లెక్కపెట్టండి. బ్యాక్‌లాగుల వల్ల ఒకరిద్దరు తగ్గితే సరే. అందరూ పోయారంటే ఫిల్టర్ తప్పు.

ఇదే జాబితాలో శాతాల గొడవ కూడా దాక్కుని ఉంటుంది. సీజీపీఏ 6.4 ఉన్న అమ్మాయిని తీసుకోండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ పద్ధతిలో అర పాయింటు తీసేసి పదితో హెచ్చిస్తే 59 శాతం. సీబీఎస్‌ఈ పదో తరగతికి వాడిన 9.5 లెక్క గుర్తుపెట్టుకుని దానితో హెచ్చిస్తే 60.8. నేరుగా పదితో అంటే 64. కటాఫ్ 60 అయితే, ఏ లెక్క వేసుకుందన్నదే ఆ అమ్మాయి లోపలా బయటా అన్నది తేలుస్తుంది. నిజాయితీగా 59 రాసినవాళ్లు బయట, 64 వేసుకున్నవాళ్లు లోపల. అందుకే మార్కుల మెమోలో ఉన్న సీజీపీఏనే అడగండి, కటాఫ్ కూడా సీజీపీఏలోనే చెప్పండి. నాలుగైదు యూనివర్సిటీల పిల్లలు వచ్చే పూల్ డ్రైవ్ అయితే, ఎవరి యూనివర్సిటీ సూత్రం వాళ్లకు మీ షీట్లోనే వేయండి, పిల్లల చేత వేయించకండి.

లక్షణం: రెండో బ్యాచ్‌కు మార్కులు ఎక్కువ

640 మందికి సరిపడా కంప్యూటర్లు ఏ కాలేజీలోనైనా దొరకడం కష్టం. 320 దొరికాయనుకుందాం, రెండు బ్యాచ్‌లు. 50 మార్కుల పరీక్షలో మొదటి బ్యాచ్ సగటు 24, రెండోదానిది 28 వచ్చింది. పేపర్ బయటికి పొక్కిందన్న అనుమానం వెంటనే వస్తుంది. నిజమే కావచ్చు. కాకపోనూ వచ్చు.

తేల్చుకోవడానికి ప్రశ్నలవారీగా చూడాలి. ఒక్కో ప్రశ్నను ఏ బ్యాచ్‌లో ఎంతమంది సరిగ్గా చేశారో పక్కపక్కన పెట్టండి. దాదాపు అన్ని ప్రశ్నల్లోనూ రెండో బ్యాచ్ కొంచెం కొంచెం ముందుంటే, ఆ బ్యాచ్‌లో గట్టివాళ్లు ఎక్కువ కూర్చున్నారన్నమాట. రోల్ నంబర్ల వరసలో కూర్చోబెడితే ఒక బ్రాంచి అంతా ఒకే బ్యాచ్‌లోకి వస్తుంది, అప్పుడు ఇలాగే ఉంటుంది. అలా కాకుండా ఓ ఎనిమిది తొమ్మిది ప్రశ్నల్లోనే ఒక్కసారిగా దూకి, మిగతావి సమానంగా ఉంటే, ఆ ప్రశ్నలు క్యాంటీన్ దగ్గర చేతులు మారాయి. గుర్తుండేవి అవే: రైలు వంతెన దాటే లెక్క, కూర్చునే వరస పజిల్ లాంటివి.

పొక్కినట్టు తేలితే ఆ ప్రశ్నలను ఇద్దరికీ తీసేసి మళ్లీ మార్కులు వేయడం తక్కువ చెడ్డ మార్గం. మొత్తం పరీక్ష మళ్లీ పెట్టే టైం ఆ రోజు ఉండదు. ఇక ముందే చేయాల్సింది: రెండో బ్యాచ్ ల్యాబ్ పక్క గదిలో ఫోన్లు ఇచ్చేసి కూర్చున్నాకే మొదటి బ్యాచ్‌ను ఇంకో గుమ్మం గుండా వదలాలి. ఇద్దరూ వరండాలో ఎదురుపడకూడదు. రెండు వేర్వేరు సెట్లు వాడితే ఇంకా మంచిది. కానీ సెట్లు సమానమైన కష్టంతో ఉన్నాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి పిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండు బ్యాచ్‌లుగా విడగొట్టి, ఒక్కో బ్యాచ్ నుంచి పైనున్న 80 మందిని తీసుకోండి. లాటరీ లేకుండా ఇలా చెరిసగం తీసుకుంటే మాత్రం గట్టి బ్యాచ్‌లో పడ్డవాళ్లకు అన్యాయం.

80వ స్థానంలో ఒకే మార్కుతో పదిమంది ఉంటే ఏం చేయాలో పరీక్షకు ముందే రాసిపెట్టుకోండి. నేనైతే అందరినీ తీసుకుంటాను. సీజీపీఏ చూసి విడదీస్తే, ఒకసారి వాడిన కటాఫ్‌నే రెండోసారి వాడినట్టవుతుంది.

సర్వర్ ఆగిపోయే టెన్షన్ గురించి ఒక్క మాట. క్యాంపస్ మొత్తం సాధారణంగా ఒకే ఐపీ అడ్రస్‌తో బయటికి వెళ్తుంది. 320 మంది ఒకేసారి లాగిన్ అయితే పరీక్ష సైటు దాన్ని దాడి అనుకుని ఆపేయవచ్చు. ఆ అడ్రస్‌ను ముందురోజే సైటు వాళ్లకు చెప్పండి, ఒక ల్యాబ్ నిండా కూర్చోబెట్టి లాగిన్ చేయించి చూడండి.

లక్షణం: ఒక గదిలో ముప్పై మంది పాస్, పక్క గదిలో తొమ్మిది మంది

నేను ఎక్కువ దెబ్బతిన్నది ఇక్కడే. 160 మందిని ఎనిమిదేసి మంది చొప్పున 20 గ్రూపులు చేశాం. నాలుగు ప్యానెళ్లు, ఒక్కోదానికి ఐదు గ్రూపులు, అంటే 40 మంది. 20 మార్కులకు 13 వస్తే ఇంటర్వ్యూ. మధ్యాహ్నానికి ఒక ప్యానెల్ నుంచి 31 మంది వచ్చారు, పక్క ప్యానెల్ నుంచి తొమ్మిది మంది. "మా గదిలోకి వచ్చినవాళ్లలో సరుకు లేదండీ" అన్నారు ఆ రెండో ప్యానెల్ పెద్దమనిషి. మేం నమ్మేశాం.

నమ్మకముందు చేయాల్సిన పని రెండు నిమిషాలది. ఆ రెండు గదుల పిల్లల టెస్టు మార్కుల సగటు చూడాలి. తర్వాత తీరిగ్గా చూస్తే ఒకటి 33.4, ఇంకొకటి 33.1. పిల్లలు దాదాపు సమానం. తేడా అంతా మార్కులు వేసే చేతిలో ఉంది. ఒకరు 12 నుంచి 18 వరకు వేస్తే, ఇంకొకరు 6 నుంచి 14 వరకు వేశారు. టెస్టులో వెనకబడి ఉన్నా జీడీలో బాగా మాట్లాడేవాళ్లు ఉంటారు నిజమే. కానీ 40 మందిలో ఆ తేడాలు చాలావరకు సర్దుకుంటాయి.

అక్కడికక్కడ దిద్దాలంటే 13 అనే గీత చెరిపేసి, ప్రతి ప్యానెల్ నుంచి మొదటి 16 మందిని తీసుకోవాలి. నాలుగు పదహార్లు 64. ఇది న్యాయంగా ఉండాలంటే గదులు ముందే సమానంగా నిండి ఉండాలి. దానికి టెస్టు మార్కుల వరసలో పేర్లు పెట్టి ప్యానెళ్లకు 1, 2, 3, 4, మళ్లీ 4, 3, 2, 1 అని పంచుతాను. ప్రతి గదికీ పైవాళ్లూ కిందవాళ్లూ సమానంగా వస్తారు. ఆ గదిలో ఏ గ్రూపులో ఎవరన్నది లాటరీ. షీట్లో ప్రతి పేరు పక్క గడిలో ఇది కొట్టి, ఆ వరసలో సార్ట్ చేస్తే చాలు:

```
=RAND()
```

షీట్లో ఏది మార్చినా ఆ అంకెలు మారిపోతుంటాయి. సార్ట్ చేయకముందే వాటిని వాల్యూస్‌గా పేస్ట్ చేసుకోండి, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

ఇంకో జాగ్రత్త ఏమిటంటే, మొదటి గ్రూపును నాలుగు ప్యానెళ్లూ కలిసి చూడటం. ఎవరికి వాళ్లు మార్కులు వేసి, తర్వాత చెప్పుకోవాలి. ఒకే అబ్బాయికి ఒకరు 16, ఇంకొకరు 9 వేశారంటే అక్కడే మాట్లాడుకోవచ్చు. అరగంట పోతుంది. పోనివ్వండి.

లక్షణం: జీడీ చేపల మార్కెట్టు, ఇద్దరే మాట్లాడారు

ఎనిమిది మందికి 15 నిమిషాలంటే మనిషికి రెండు నిమిషాలు కూడా రాదు. ఇద్దరు గట్టిగా అందుకుని ఎనిమిది నిమిషాలు తినేస్తే, ఏడు నిమిషాలు ఆరుగురికి మిగులుతాయి. మనం కొలిచింది ఆలోచననా, గొంతునా?

మొదట వరసగా ఒక్కొక్కరికి ఒక్కో నిమిషం ఇవ్వండి, మిగతా ఏడు నిమిషాలు వదిలేయండి. షీటు మీద ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో గీతలు పెడుతూ, పక్కవాడి మాట అందుకుని ముందుకు తీసుకెళ్లినప్పుడు గీత చుట్టూ సున్నా చుట్టండి. మార్కు సున్నాలకు వేయాలి, గీతలకు కాదు. టాపిక్ కూడా అందరికీ తెలిసింది కావాలి. "క్రిప్టో కరెన్సీ భవిష్యత్తు" అంటే హైదరాబాద్‌లో పెరిగిన ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. "హాస్టల్ మెస్‌లో రోజూ 40 కిలోల అన్నం పారేస్తున్నారు, నెలలో సగానికి తగ్గించాలి, ఎలా?" అని అడిగి చూడండి. పొద్దుటినుంచి నోరు విప్పనివాళ్లు వార్డెన్ లెక్కలతో సహా చెబుతారు.

తడబడే ఇంగ్లిష్‌కు మార్కు కోయాలా అన్నది ఉద్యోగాన్ని బట్టి ఉంటుంది. విదేశీ క్లయింట్లతో రోజూ ఫోన్లో మాట్లాడే పనైతే కోయండి, ఆ సంగతి ప్రకటనలోనే చెప్పండి. టెస్టింగ్ పనికైతే మాత్రం మాటలో విషయం ఉందా లేదా చూడండి చాలు.

లక్షణం: సాయంత్రం ఇంటర్వ్యూలకు సగం మంది లేరు

"ఆసక్తి లేదు, వెళ్లిపోయారు" అని రాసుకుంటాం. టైం చూడండి. 64 మందికి 20 నిమిషాల చొప్పున 1280 నిమిషాలు. నాలుగు ప్యానెళ్లతో 320, అంటే ఐదు గంటల ఇరవై నిమిషాలు. రెండింటికి మొదలుపెడితే ఏడు దాటుతుంది, అదీ ఒక్క నిమిషం జారకుండా ఉంటే. కాలేజీ బస్సు మాత్రం నాలుగున్నరకో ఐదింటికో వెళ్లిపోతుంది. లేనివాళ్ల పేర్లు డే స్కాలర్ల జాబితాతో పోల్చండి. సరిపోతే అది ఆసక్తి సంగతి కాదు, బస్సు సంగతి.

దూరం ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను ముందు పిలవండి, హాస్టల్ వాళ్లను చివరికి ఉంచండి. ఆరు దాటేలా ఉంటే ఏ రూటుకు బస్సు ఆపాలో మధ్యాహ్నం భోజనం దగ్గరే ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌తో మాట్లాడి తేల్చుకోండి, ఎందుకంటే నాలుగు దాటాక డ్రైవర్లు దొరకరు. అదీ కుదరకపోతే మిగిలినవాళ్లకు మర్నాడు పొద్దున ఇంటర్వ్యూ అని చెప్పి, అప్పటిదాకా ఆఫర్ల జాబితా బయట పెట్టకండి. ఇరవై సీట్లూ రాత్రే నింపేసి మర్నాడు రమ్మంటే, వాళ్లు బస్సు చార్జీ పెట్టుకుని ఊరికే వచ్చినట్టు.