పొగాకు లెక్కల్లో సగటు తేడా కొడితే: సమస్య - కారణం - పరిష్కారం

ఒంగోలు, కందుకూరు ప్రాంతాల్లో పొగాకు రైతుల వివరాలు సేకరించి కంప్యూటరులో పట్టిక వేసేవారు సాధారణంగా నేల రకం, గ్రేడు, ఆకును ఆరబెట్టే క్యూరింగ్ ఉష్ణోగ్రత, బేలు బరువు, కిలో ధర అనే గడులు పెడతారు. అన్నింటిలోనూ అంకెలే ఉంటాయి కనుక అన్నింటికీ సగటు వస్తుంది, కాని అన్ని సగటులకూ అర్థం ఉండదు. 1946లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ కొలమానాలను నామ, క్రమ, అంతర, నిష్పత్తి అని నాలుగుగా విభజించినప్పుడు వాడిన గీటురాయే ఇక్కడా పనికివస్తుంది: కొలత అర్థం చెడకుండా అంకెలను మార్చి చూడాలి, అప్పుడు మన నిర్ణయం కూడా మారిపోతే ఆ సారాంశం ఆ కొలమానానికి తగదు.

సమస్య: నేల రకం సగటు 1.4 అని వచ్చింది.

కారణం: తేలిక నేలకు 1, నల్ల నేలకు 2 అని ఇచ్చినవి పేర్లే తప్ప పరిమాణాలు కావు. ఇది నామమాపని.

పరిష్కారం: ఆ గడిని అంకెలుగా కాక అక్షరాలుగా నమోదు చేసి, ఒక్కో రకం ఎన్నిసార్లు వచ్చిందో, శాతమెంతో, అన్నింటికన్నా ఎక్కువసార్లు వచ్చిన రకం అంటే బాహుళకం ఏదో చెప్పాలి. రెండే రకాలున్నప్పుడు 1.4 అంటే నల్ల నేల 40 శాతమని ఊహించవచ్చు, కాని మూడో రకం చేరగానే ఆ వెసులుబాటు పోతుంది.

సమస్య: ఇద్దరు రైతుల గ్రేడు సగటు సమానమని తేలింది, కాని వారి పొగాకు చూసినవారెవరూ ఒప్పుకోవడం లేదు.

కారణం: లో గ్రేడుకు 1, మీడియానికి 2, బ్రైటుకు 3 అని ఇచ్చారనుకుందాం. మొదటి రైతుకు రెండు బ్రైటు, మూడు లో గ్రేడు బేళ్లు ఉన్నాయి. రెండో రైతుకు నాలుగు మీడియం, ఒక లో గ్రేడు బేళ్లు ఉన్నాయి. ఇద్దరికీ మొత్తం 9, సగటు 1.8. అయితే గ్రేడుల వరుస మాత్రమే మనకు తెలుసు. లో నుంచి మీడియానికి ఉన్న దూరమూ, మీడియం నుంచి బ్రైటుకు ఉన్న దూరమూ సమానమని ఎవరూ కొలవలేదు. అదే వరుసను 1, 2, 5గా రాస్తే మొదటి రైతు సగటు 2.6, రెండో రైతుది 1.8; అదే 1, 4, 5గా రాస్తే మొదటి రైతుది 2.6, రెండో రైతుది 3.4. గెలుపోటములను నిర్ణయించినది పొగాకు కాదు, సంకేతాలు వేసిన చెయ్యి.

పరిష్కారం: ఇలా వరుస మాత్రమే తెలిసిన క్రమమాపనికి మధ్యగతం, అంటే బేళ్లను గ్రేడు వరుసలో పేర్చితే నడిమిన వచ్చేది, సరిపోతుంది. మొదటి రైతుకు అది లో గ్రేడు, రెండో రైతుకు మీడియం. వరుస చెడకుండా సంకేతాలు ఎలా మార్చినా ఈ ఫలితం మారదు. బేళ్లు సరిసంఖ్యలో ఉండి నడిమి రెండూ వేర్వేరు గ్రేడులైతే వాటిని కలిపి సగం చేయకుండా రెండింటినీ చెప్పాలి.

మధ్యగతం ఒక్కదానితోనే ఆగకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే మొదటి రైతు దగ్గరున్న రెండు బ్రైటు బేళ్లను అది పూర్తిగా దాచేస్తుంది. కాబట్టి ‘మీడియం లేదా అంతకన్నా మేలు’ ఎంత శాతం, ‘బ్రైటు’ ఎంత శాతం అన్నది కూడా పక్కన రాయాలి. ఇక్కడ మొదటి రైతుకు 40, 40. రెండో రైతుకు 80, 0. ఒక మెట్టు దగ్గర ఒకరు, మరో మెట్టు దగ్గర ఇంకొకరు పైచేయిగా ఉన్నందువల్లనే సగటు అటూ ఇటూ తిరిగింది. అన్ని మెట్ల దగ్గరా ఒక్కరే ముందుంటే, వరుస చెడనంతవరకు ఏ సంకేతాలు వేసినా సగటులో కూడా వారే ముందుంటారు.

సమస్య: ఆకు ఈనె ఆరబెట్టే దశలో, క్యూరింగ్ గది అయిన బ్యారన్‌లో వేడి పసుపు రంగు తేలే దశకు రెట్టింపు అని ఒకరు, కాదని మరొకరు రాశారు.

కారణం: ఒకరి థర్మామీటరు సెల్సియస్‌లో, మరొకరిది ఫారన్‌హీట్‌లో ఉంది. 35 నుంచి 70 డిగ్రీల సెల్సియస్‌కు పెరగడం రెట్టింపులా కనబడుతుంది. అదే పెరుగుదల ఫారన్‌హీట్‌లో 95 నుంచి 158, అంటే దాదాపు 1.66 రెట్లే. ఈ అంతరమాపనులలో సున్నా అంటే వేడి లేకపోవడం కాదు.

పరిష్కారం: ‘రెట్లు’, ‘శాతం’ అనే మాటలు వదిలేసి 35 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని రాయాలి. సగటు మాత్రం నిశ్చింతగా తీయవచ్చు: 52.5 సెల్సియస్‌ను మార్చితే 126.5 ఫారన్‌హీటే వస్తుంది.

సమస్య: కిలో ధర సగటు వేలం బిల్లుతో సరిపోలేదు.

కారణం: ధర, బరువు రెండూ నిష్పత్తి మాపనులు, సున్నా నిజమైన సున్నాయే కనుక సగటు, రెట్లు, శాతాలు అన్నీ చెల్లుతాయి. అందువల్ల తప్పు కొలమానంలో లేదు, ఏ సగటు తీశామన్న దానిలో ఉంది. ఉదాహరణకు 120 కిలోల బేలు కిలో 280 రూపాయలకు, 80 కిలోల బేలు 200 రూపాయలకు పోతే ధరల సాదా సగటు 240 అవుతుంది, కాని రైతు చేతికొచ్చిన 49,600 రూపాయలను 200 కిలోలతో భాగిస్తే 248 వస్తుంది.

పరిష్కారం: మొత్తం సొమ్మును మొత్తం బరువుతో భాగించాలి. నాణ్యతను కూడా ఒకే అంకెలో చెప్పితీరాలంటే, గ్రేడు సంకేతాల సగటుకు బదులు ఒకే రోజు వేలంలో వచ్చిన ఈ భారిత ధరను వాడటం మేలు; వేర్వేరు రోజుల ధరలను కలిపితే మార్కెట్ ఎగుడుదిగుళ్లు నాణ్యతగా లెక్కకు వస్తాయి.