సంక్రాంతి సెలవుకు ముందు మేనేజరుకు రాసే అప్పగింత: ఈ జాగ్రత్తలు తీసుకోండి

గోదావరి జిల్లాల్లో మిల్లు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి జనవరి రెండో వారం అంటే తెలిసిందే. సార్వా ధాన్యం ఇంకా ఆడుతూ ఉంటుంది, పార్టీలు పండగ ముందే సరుకు దింపమంటాయి, మనమేమో భోగికల్లా ఊళ్లో ఉండాలి. సెలవు అడిగినప్పుడు మేనేజరు గారు "వెళ్లండి, కానీ ఇక్కడెలా?" అంటారు. ఆ "ఇక్కడెలా"కి జవాబుగా రాసే నాలుగైదు వాక్యాలు ఎలా ఉండాలో చెప్తాను. నేను మండపేట వైపు ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూశాను. మొదటి ఏడాది తప్పుగా రాసి దెబ్బ తిన్నాను.

ఆ ఏడాది నేను రాసింది ఇంతే: "13 నుంచి 17 వరకు సెలవు. పనులన్నీ శ్రీను చూసుకుంటాడు. అవసరమైతే ఫోన్‌లో అందుబాటులో ఉంటాను." (పేరు మార్చాను.) చూడటానికి బాగానే ఉంది. అందులో ఒక్క ముక్కా నిలబడలేదు.

12న 25 కిలోల బ్రాండ్ బస్తాల లోడు హైదరాబాద్ బయల్దేరింది. దూరం 400 కిలోమీటర్లు దాటుతుంది. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ పత్రం ఈ-వే బిల్లు, దాని గడువుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున లెక్క కాబట్టి మూడు రోజులు వచ్చింది. మొదటి రోజు మర్నాటి అర్ధరాత్రితో ముగుస్తుంది గనుక 15 అర్ధరాత్రి దాకా గడువు. మామూలు రోజుల్లో ఇది ఎక్కువే. కానీ పండగని అక్కడి గోడౌన్ మూసేశారు, లారీ బయటే ఆగింది. గడువు పొడిగించుకోవచ్చు, అయితే అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల తర్వాత దాకానే. అంటే 15 సాయంత్రం 4 నుంచి 16 ఉదయం 8 లోపు. బిల్లులో లారీ నంబరు మేమే ఎక్కించాం గనుక పొడిగించాల్సింది మేమే.

15 రాత్రి డ్రైవరు శ్రీనుకి ఫోన్ చేశాడు. శ్రీను దగ్గర ఈ-వే బిల్లు పోర్టల్ పాస్‌వర్డ్ లేదు. ఉన్నా లాభం లేదు, ఓటీపీ వచ్చేది నా ఫోన్‌కి. నేను కోనసీమలో అత్తగారి లంక ఊళ్లో ఉన్నాను, అక్కడ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కనుమ మధ్యాహ్నం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తుంటే దారిలో సిగ్నల్ తగిలి పదకొండు మిస్డ్ కాల్స్ కనిపించాయి. అప్పటికే ఎనిమిది దాటి చాలాసేపయింది. గడువు తీరిన బిల్లుతో లారీ పట్టుబడితే పన్నుకి రెండింతలు జరిమానా. ఆ తీర్థంలో నాకు ప్రభలు కనిపించలేదు, ఫోన్ ఒక్కటే కనిపించింది.

తర్వాత మేనేజరు గారు ఒకే మాట అన్నారు: "శ్రీను చూసుకుంటాడని నువ్వు రాశావు. శ్రీనుకి తెలుసా?"

మేనేజరు మన అప్పగింత చదివేటప్పుడు మనకెన్ని పనులున్నాయో లెక్కపెట్టరు. మనం లేని రోజుల్లో తేదీ దాటితే నష్టం వచ్చేది ఏది, అది ఎవరి చేతిలో ఉంది, ఆ మనిషి నిజంగా చేయగలడా అని వెతుకుతారు. ఇవి దొరికితే టెన్షన్ ఉండదు. దొరక్కపోతే ఎంత మర్యాదగా రాసినా మళ్లీ పిలిచి అడుగుతారు.

కాబట్టి ముందు క్యాలెండరు తీయండి. జనవరిలో మా లెక్క ఇలా ఉండేది: జీఎస్టీఆర్-1కి 11, పీఎఫ్, ఈఎస్‌ఐలకి 15, జీఎస్టీఆర్-3బీకి 20. మొదటిది వెళ్లే ముందే అయిపోతుంది, చివరిది వచ్చాక చేసుకోవచ్చు. ఆ ఏడాది 15న పండగ, అదే రోజు పీఎఫ్ గడువు. అప్పగింతలో ఉండాల్సింది ఇలాంటివే. రోజువారీ వోచర్లు, కాగితాలు ఫైల్లో పెట్టడం లాంటివి రాస్తే అసలు విషయం వాటి మధ్య కనపడకుండా పోతుంది.

తర్వాత మనిషి సంగతి. పేరు రాసేముందు ఆ మనిషిని అడగాలి. శ్రీనుకీ పండగే కదా, కనుమకి అతనూ ఊరెళ్లొచ్చు. ఒప్పుకున్నాక మీ సీట్లో కాదు, అతని సీట్లో కూర్చోబెట్టి, మీరు కీబోర్డు ముట్టుకోకుండా ఆ పని ఒకసారి చేయించండి. ఎక్కడ ఆగిపోతాడో అక్కడే మీరు లేనప్పుడూ ఆగిపోతాడు. మా దగ్గర ఆగింది ఓటీపీ దగ్గర. ఈ-వే బిల్లు పోర్టల్‌లో సబ్ యూజర్‌ని పెట్టుకునే వీలుంది, అతని మొబైల్ నంబరు అతని లాగిన్‌కే ఉంటుంది. మీ పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చే పని పెట్టుకోకండి. బ్యాంకులో ఒకరు చలాను ఎక్కిస్తే ఇంకొకరు ఆమోదించే పద్ధతి ఉంటే, ఆ ఆమోదించేది ఎవరో కూడా చూసుకోండి. చాలాసార్లు అది మేనేజరే. ఆయన చేయాల్సిన పని మన అప్పగింతలో లేకపోతే అదే పెద్ద లోటు.

రెండో ఏడాది జనవరి 10న నేను పంపింది ఇది:

"అయ్యా, 13 నుంచి 17 దాకా సెలవులో ఉంటాను, 18 ఉదయం డ్యూటీకి వస్తాను. ఈ ఐదు రోజుల్లో తేదీ దాటకూడనివి రెండు. పీఎఫ్, ఈఎస్‌ఐ గడువు 15. రెండు చలాన్లూ నిన్న బ్యాంకులో ఎక్కించాను, మీరు 12 సాయంత్రంలోగా ఆమోదిస్తే అయిపోతుంది. 12న వెళ్లే హైదరాబాద్ లోడు ఈ-వే బిల్లు 15 అర్ధరాత్రితో ముగుస్తుంది. 15 సాయంత్రం 4కి శ్రీను డ్రైవరుకి ఫోన్ చేసి, సరుకు దిగకపోతే వెంటనే గడువు పొడిగిస్తాడు, పొడిగించినట్టు మీకు మెసేజ్ పెడతాడు. అతనికి సొంత లాగిన్ ఉంది, నిన్న నా ఎదుటే బిల్లు తీశాడు. 16న శ్రీను సెలవు, ఆ రోజు లక్ష్మి గారు చూస్తారు, ఆమెకీ లాగిన్ ఉంది. పార్టీల పాత బాకీల లెక్క ఎవరికీ అప్పగించలేదు, అది 18 దాకా ఆగుతుంది. మా ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండదు, రోజూ సాయంత్రం 6కి నేనే శ్రీనుకి, 16న లక్ష్మి గారికి ఫోన్ చేస్తాను."

పాత బాకీల వాక్యం రాయడానికి భయపడ్డాను, చేయని పని ఎందుకు చెప్పుకోవాలని. కానీ మేనేజరు గారికి నమ్మకం కలిగింది అక్కడే. ఆగే పని ఏదో రాస్తేనే మిగతావి నిజంగా ఆగవని నమ్ముతారు. ఫోన్ సంగతీ అంతే. "ఎప్పుడైనా చేయండి" అనేదానికంటే రోజుకి ఒక వేళ చెప్పి అది తప్పకపోవడం మేలు.

సెలవుకి రెండు మూడు రోజుల ముందే పంపండి. వెళ్లే రోజు సాయంత్రం పంపితే మేనేజరుకి ఏదైనా మార్చమనే వీలుండదు. పంపేముందు అందులో పేరున్న ప్రతి మనిషికీ చదివి వినిపించండి. నేను వినిపించినప్పుడు శ్రీను "15 సాయంత్రం నాలుగింటికి మా ఇంట్లో చుట్టాలుంటారు అన్నా, ఫోన్‌లో అలారం పెట్టుకుంటాను" అని నా ముందే పెట్టుకున్నాడు.