మైలుతుత్తంలో స్ఫటిక జలం ఎంత? వేడిచేసి, తూచి ఫార్ములా కనుగొనడం ఎలా?

నీలిరంగు మైలుతుత్తం స్ఫటికాలు చూడటానికి పూర్తిగా పొడిగానే ఉంటాయి, కానీ వాటి ద్రవ్యరాశిలో మూడో వంతుకు పైగా నీరే ఉంటుంది. అది పైన అంటిన తడి కాదు. కాపర్ సల్ఫేట్‌తో నిర్ణీత నిష్పత్తిలో కలిసి స్ఫటికాన్ని నిలబెట్టే స్ఫటిక జలం. వేడిచేస్తే ఆ నీరు ఆవిరైపోతుంది, నీలం తెలుపవుతుంది, తూకం తగ్గుతుంది. తగ్గిన ఆ తూకం నుంచి CuSO4·xH2O అనే ఫార్ములాలో x విలువను, అంటే ఒక్కో CuSO4 కు ఎన్ని నీటి అణువులు ఉన్నాయో, కనుగొనవచ్చు. అయితే లెక్క అంతా రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది: పోయినదంతా నీరే కావాలి, మిగిలినదంతా నీరు లేని CuSO4 కావాలి. కింద చెప్పిన జాగ్రత్తలన్నీ ఈ రెండింటినీ నిజం చేయడానికే.

పింగాణీ క్రూసిబుల్, దాని మూత, మట్టి త్రికోణం, త్రిపాది, బున్సెన్ బర్నర్, పట్టుకారు, కనీసం 0.01 గ్రాము వరకు చూపే త్రాసు అవసరం. వస్తువులను తేమ తగలకుండా చల్లార్చే మూతపాత్ర, అంటే డెసికేటర్, ఉంటే మరీ మంచిది. ప్రయోగశాలకు తగిన శుద్ధమైన కాపర్ సల్ఫేట్‌నే వాడాలి; బోర్డో మిశ్రమం కోసం ఎరువుల దుకాణంలో అమ్మే మైలుతుత్తంలో ఇతర పదార్థాలు ఉండవచ్చు కాబట్టి ఈ లెక్కకు అది నమ్మదగినది కాదు. ఈ లవణం విషపూరితం కనుక వంటపాత్రల్లో, వంటింట్లో ఈ పని చేయకూడదు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, గాలి బాగా ఆడే ప్రయోగశాలలో చేయాలి.

మొదట ఖాళీ క్రూసిబుల్‌ను మూతతో సహా కొన్ని నిమిషాలు గట్టిగా వేడిచేసి, పూర్తిగా చల్లారనిచ్చి తూచండి. పింగాణీ పీల్చుకున్న తేమ ఇప్పుడే పోకపోతే, తర్వాత స్ఫటికాలతో పాటు పోయి స్ఫటిక జలం ఖాతాలో చేరుతుంది. ఇక్కడి నుంచి క్రూసిబుల్‌ను చేతితో కాక పట్టుకారుతోనే పట్టుకోవాలి.

తర్వాత స్ఫటికాలను మెత్తగా నూరి, రెండు మూడు గ్రాములు క్రూసిబుల్‌లో వేసి మళ్లీ తూచండి. పెద్ద స్ఫటికాలను అలాగే వేస్తే వేడికి చిటపటమని పగిలి ముక్కలు బయటికి ఎగురుతాయి. అలా పోయిన లవణాన్ని కూడా త్రాసు నీటి కిందే లెక్కిస్తుంది.

ఇక వేడిచేయడం. మూతను కొంచెం పక్కకు జరిపి ఆవిరికి దారి వదలండి. ముందు చిన్న మంటను క్రూసిబుల్ కింద అటూ ఇటూ కదుపుతూ నెమ్మదిగా వేడిచేసి, నీలం చాలావరకు పోయాక మంటను కాస్త పెంచండి, కానీ క్రూసిబుల్ అడుగు ఎర్రబడే దాకా పోనివ్వకండి. గాజు కడ్డీతో కలిపితే పొడి దానికి అంటుకుని నష్టమవుతుంది. మార్చగలిగే ఉష్ణోగ్రతతో పనిచేసే ఓవెన్ లేదా కొలిమి ఉంటే 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచడం బర్నర్ కంటే మేలు.

ఈ దశలో రంగును నమ్మి ఆగిపోవడం చాలా మంది చేసే పొరపాటు. మైలుతుత్తంలోని నీరంతా ఒకేసారి పోదు. ఐదు అణువుల్లో నాలుగు దాదాపు 100 నుంచి 120 డిగ్రీల మధ్యకు చేరేసరికి వెళ్లిపోతాయి. చివరిది పోవడానికి 200 డిగ్రీలు దాటాలి. ఒక్క అణువు మిగిలిన CuSO4·H2O కూడా కంటికి దాదాపు తెల్లగానే కనిపిస్తుంది. అక్కడే ఆపి, మిగిలినది నీరు లేని లవణమే అనుకుని లెక్కిస్తే x విలువ 4 కూడా రాదు, సుమారు 3.6 వస్తుంది. ఎందుకంటే మిగిలిపోయిన నీరు ఒక వైపు నీటి ద్రవ్యరాశిని తగ్గిస్తూనే, మరో వైపు లవణం ద్రవ్యరాశిని పెంచుతుంది.

అందువల్ల నీరంతా పోయిందో లేదో చెప్పాల్సింది త్రాసే. పది నిమిషాలు వేడిచేశాక మూత పూర్తిగా పెట్టి, వీలైతే డెసికేటర్‌లో, గది ఉష్ణోగ్రతకు చల్లార్చి తూచండి. వేడిగా ఉండగానే తూస్తే చుట్టూ పైకి లేచే గాలి వల్ల అసలు కంటే తక్కువ చూపుతుంది. మూత లేకుండా చల్లారిస్తే తెల్లని పొడి గాలిలోని తేమను తిరిగి పీల్చుకుంటుంది. మళ్లీ ఐదు నిమిషాలు వేడిచేసి, చల్లార్చి, తూచండి. వరుసగా రెండు తూకాలు ఒకటే అయ్యేవరకు ఇలా చేయాలి.

లెక్క కోసం ఈ తూకాలను ఉదాహరణగా తీసుకుందాం.

ఖాళీ క్రూసిబుల్, మూత: 28.42 గ్రా.
స్ఫటికాలతో: 31.28 గ్రా.
మొదటిసారి వేడిచేశాక: 30.31 గ్రా.
రెండోసారి: 30.26 గ్రా.
మూడోసారి: 30.26 గ్రా.

తూకం స్థిరపడింది. మిగిలిన లవణం 30.26 − 28.42 = 1.84 గ్రా.; పోయిన నీరు 31.28 − 30.26 = 1.02 గ్రా. ఈ గ్రాములను నేరుగా ఒకదానితో ఒకటి భాగించకూడదు, ఎందుకంటే ఫార్ములా చెప్పేది అణువుల నిష్పత్తి. ఒక మోల్ CuSO4 ద్రవ్యరాశి 159.6 గ్రా., ఒక మోల్ నీటిది 18.0 గ్రా.

CuSO4: 1.84 ÷ 159.6 = 0.01153 మోల్
నీరు: 1.02 ÷ 18.0 = 0.0567 మోల్
x = 0.0567 ÷ 0.01153 = 4.92

దీన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 5 వస్తుంది, ఫార్ములా CuSO4·5H2O అవుతుంది. అయితే ఈ సవరణ ఎంతవరకు న్యాయమో కూడా చూడాలి. పోయిన నీటిని త్రాసు 0.01 గ్రా. ఎక్కువగా, అంటే 1.03గా చూపి ఉంటే x 4.99 అయ్యేది, 1.01గా చూపి ఉంటే 4.84 అయ్యేది. అంటే త్రాసు అనిశ్చితి 5 దగ్గరి సంఖ్యలనే ఇస్తోంది కాబట్టి మన నిర్ణయం నిలుస్తుంది. అదే అర గ్రాము స్ఫటికాలతో చేస్తే, అదే 0.01 గ్రా. తేడా x ను 0.4 కు పైగా కదిలిస్తుంది. అప్పుడు 5 అని ధైర్యంగా చెప్పలేం. రెండు మూడు గ్రాములు తీసుకోమన్నది ఇందుకే. మొదటిసారి వేడిచేయగానే ఆగి ఉంటే x 4.55 వచ్చేది. అలాంటి సంఖ్య వచ్చినప్పుడు దాన్ని 5 చేయడం సవరణ కాదు, ఊహ. మళ్లీ వేడిచేయడమే సరైన పని.

విలువ 5 కంటే గణనీయంగా ఎక్కువ వస్తే కారణాలు వేరు. స్ఫటికాల పైన తడి ఉండి ఉండవచ్చు, పొడి ఎగిరిపోయి ఉండవచ్చు, లేదా వేడి మితిమీరి ఉండవచ్చు. చివరిదాన్ని కంటితో గుర్తుపట్టవచ్చు: తెల్లని పొడి అంచుల్లో నల్లబడుతుంది, ఘాటైన తెల్లని పొగ వస్తుంది. 600 డిగ్రీల ప్రాంతం దాటాక కాపర్ సల్ఫేట్ విడిపోయి నల్లని కాపర్ ఆక్సైడ్‌గా మారుతూ సల్ఫర్ ఆక్సైడ్లను వదులుతుంది. ఆ పొగను పీల్చకుండా వెంటనే మంట ఆపేయాలి. ఆ నమూనాకు ఇక లెక్క లేదు, కొత్తది తీసుకోవాలి.

ఇదే పద్ధతి ఎప్సమ్ లవణానికి, బేరియం క్లోరైడ్‌కు కూడా పనిచేస్తుంది, కాకపోతే బేరియం లవణం కూడా విషమేనని మరవకూడదు. మెగ్నీషియం క్లోరైడ్ హైడ్రేట్‌కు మాత్రం పనికిరాదు. దాన్ని గాలిలో వేడిచేస్తే నీటితో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ కూడా బయటికి పోతుంది కనుక, తగ్గిన తూకం నీటిదే అనడానికి వీల్లేదు. నీరు లేని లవణం ఫార్ములా ముందే తెలిసి ఉండటం కూడా తప్పనిసరి, ఎందుకంటే ఈ తూకాలు x ను మాత్రమే చెబుతాయి, లవణం ఏమిటో చెప్పవు.