ఓడీ ఖాతాల మిత్తి వేరు, చార్జీ వేరు

వరంగల్‌లో కిరాణా నడిపే మా కాక కరెంట్ ఖాతా స్టేట్‌మెంట్ తెచ్చి, "గింత మిత్తి ఎట్ల పడ్డది బిడ్డా?" అన్నడు. జూన్‌లో మొత్తం 1,576 రూపాయలు కోసిండ్రు. ఓడీ అంటే ఖాతాల పైసలు లేకున్నా, ఒక లిమిట్ దాకా బ్యాంకు వాడుకోనిచ్చే బాకీ. ఆయన ఓడీ లిమిట్ 2 లక్షలు, మిత్తి ఏడాదికి 12 శాతం.

ఇంగ్లిష్ వరుసల పక్కన పెన్సిల్‌తో తెలుగు రాసుకుంట పోయిన. బ్యాలెన్స్ పక్కన `Dr` అంటే మనం బ్యాంకుకు బాకీ, `Cr` అంటే మన పైసలు. కాక ఇన్నాళ్లూ మిత్తి లిమిట్ మొత్తం మీద పడుతదనుకున్నడు. అది ఏ రోజు ఎంత వాడుకుంటే అంత మీదనే లెక్కైతది, నెలాఖరుకు ఖాతాలకెల్లి కోస్తరు.

జూన్ 1 నుంచి 10 దాకా 2 లక్షల బాకీ: ఏ రోజు బాకీ ఆ రోజుకు కూడితే, 10 రోజులకు 20 లక్షలు. 11న లక్షన్నర జమైంది. మిగిలిన 50 వేలు 20 రోజులకు 10 లక్షలు. మొత్తం 30 లక్షలను 12తో గుణించి, 36,500తో, అంటే 365 రోజులను శాతం కోసం వందతో గుణిస్తే వచ్చిన దాంతో, భాగిస్తే 986 రూపాయలు. స్టేట్‌మెంట్‌లో `INT` వరుసలో అంతే ఉంది.

మిగిలిన 590 మిత్తి కాదు. 9న కాక ఇచ్చిన 30 వేల చెక్కు వాపసు పోయింది: చార్జీ 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90. మిత్తి మీద జీఎస్టీ ఉండది.

"ఆ రోజే నేను లక్షన్నర చెక్కు వేసిన గదా!" అన్నడు. వేసిండు, నిజమే. కానీ అది క్లియరై జమైంది 11న. అప్పటిదాకా లిమిట్ నిండే ఉన్నది.

ఇప్పుడు చెక్కు రాసే ముందు, జమైన పైసలే చూసుకుంటున్నడు.